తేడా రాలేదని రాయడం ఎలా: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో నల్ రిజల్ట్

28 రోజుల క్యూబ్స్ పగలగొట్టడం అయిపోయింది. నోటుబుక్కులో మామూలు కాంక్రీటుకు ఒక అంకె, మీరు కొత్తగా కలిపిన దానితో చేసిన కాంక్రీటుకు ఇంకో అంకె ఉన్నాయి. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. సినాప్సిస్‌లో మాత్రం "బలం పెరుగుతుందని ఆశిస్తున్నాం" అని రాసి ఇచ్చారు. రిపోర్టు సమర్పించడానికి ఇంకో మూడు వారాలే గడువు. చాలా బ్యాచ్‌లు దారి తప్పేది ఇక్కడే. ఒకళ్ళు "స్వల్పంగా పెరిగింది" అని రాస్తారు. ఇంకొకళ్ళు రెండు క్యూబ్స్ తీసేస్తారు. మరొకళ్ళు నిజాయితీగానే "ప్రయోగం విఫలమైంది" అని రాసి ఊరుకుంటారు. ఈ మూడోది కూడా తప్పే, ఎందుకంటే ఆ అంకెల్లో ఉన్న సమాచారం బయటికి రాకుండానే పోతుంది.

ఈ మార్గదర్శికి సివిల్ బ్రాంచి ప్రాజెక్టు ఒకటి తీసుకుంటున్నాం. చీమకుర్తి, కరీంనగర్ లాంటి చోట్ల గ్రానైట్ కోసి పాలిష్ చేసే యూనిట్ల నుంచి సన్నని పొడి గుట్టలుగా వస్తుంది. ఎం25 కాంక్రీటులో ఇసుకను బరువులో 15 శాతం తగ్గించి, ఆ స్థానంలో ఈ పొడి వేస్తే 28 రోజుల పీడన బలం పెరుగుతుందా అన్నది ప్రశ్న. కింద ఇచ్చే అంకెలు పద్ధతి చూపించడానికి వేసుకున్నవి, ఏ కాలేజీ ప్రాజెక్టువీ కావు. బ్రాంచి వేరైనా లెక్క ఇలాగే నడుస్తుంది.

మొదట అంకెలు ఉన్నవి ఉన్నట్టు పేర్చండి

ఆరు రోజులు పోత పోశారనుకుందాం. ప్రతి రోజూ మామూలు మిక్స్ ఒక బ్యాచ్, గ్రానైట్ పొడి మిక్స్ ఒక బ్యాచ్ పోశారు. ఒక్కో బ్యాచ్ నుంచి 150 మిల్లీమీటర్ల క్యూబ్స్ మూడు. మొత్తం 36 క్యూబ్స్. ఒక క్యూబ్‌కు 3.375 లీటర్ల కాంక్రీటు పడుతుంది కాబట్టి, వృథాతో కలిపి బ్యాచ్‌కు 12 లీటర్లు సరిపోతుంది. చిన్న ల్యాబ్‌లో కూడా ఇది చేయగలిగిన పనే. మూడు క్యూబ్స్ సగటు, మెగాపాస్కల్స్‌లో:

| పోత రోజు | మామూలు | గ్రానైట్ పొడి | తేడా |
|---|---|---|---|
| 1 | 32.4 | 33.1 | +0.7 |
| 2 | 34.0 | 32.8 | −1.2 |
| 3 | 31.2 | 31.9 | +0.7 |
| 4 | 33.6 | 33.9 | +0.3 |
| 5 | 30.8 | 30.2 | −0.6 |
| 6 | 32.9 | 33.8 | +0.9 |

మామూలు మిక్స్ సగటు 32.48, పొడి మిక్స్ సగటు 32.62. తేడా 0.13. ఐఎస్ 10262 ప్రకారం ఎం25కి లక్ష్య సగటు బలం 25 + 1.65 × 4 = 31.6 మెగాపాస్కల్స్. రెండు మిక్స్‌లూ దాన్ని దాటాయి కాబట్టి మిక్స్ డిజైన్‌లో తప్పు లేదు. పొడి వల్ల పెరుగుదల మాత్రం కనబడలేదు.

ఈ పట్టికలో ఒక్కో అంకె వెనక ఉన్న మూడు క్యూబ్స్‌ను మూడు వేర్వేరు ప్రయోగాలుగా లెక్కపెట్టకూడదు. ఒకే మిక్సర్‌లో, ఒకే నీటితో, ఒకే రోజు పోసినవి కాబట్టి అవి కవల పిల్లల్లాంటివి. ఆ రోజు ఇసుకలో తేమ ఎక్కువుంటే మూడూ కలిసే పడిపోతాయి. అందుకే ఇక్కడ లెక్కకు వచ్చే సంఖ్య 18 కాదు, 6. ఒకే రోజు ఒకే బ్యాచ్ నుంచి 18 క్యూబ్స్ పోసి ఉంటే, మీ ఫలితం ఆ ఒక్క బ్యాచ్ గురించి మాత్రమే చెబుతుంది. ఆ సంగతి రిపోర్టులో మీరే రాయాలి. ఎక్స్‌టర్నల్ పట్టుకునేదాకా ఆగొద్దు.

నల్ రిజల్ట్ అని పిలిచే ముందు, ప్రయోగం పనిచేసిందో లేదో చూడండి

తేడా కనబడకపోవడానికి రెండు కారణాలు ఉండొచ్చు. తేడా నిజంగా లేకపోవచ్చు. లేదా తేడా ఉన్నా మన పరీక్ష పట్టుకోలేకపోయి ఉండొచ్చు. రెండో దాన్ని తోసిపుచ్చకుండా మొదటి దాన్ని రాయలేం.

దీనికి అన్నిటికంటే మంచి ఉపాయం, తేడా తప్పక రావాల్సిన బ్యాచ్ ఒకటి అదనంగా పోయడం. మీ మిక్స్‌లో నీరు, సిమెంటు నిష్పత్తి 0.50 అయితే, ఒక రోజు 0.60తో మూడు క్యూబ్స్ పోయండి. నీరు పెరిగితే బలం తగ్గుతుందని అందరికీ తెలుసు. మన ఉదాహరణలో ఆరో రోజు అలా పోసిన బ్యాచ్ 27.1 ఇచ్చింది, అదే రోజు మామూలు బ్యాచ్ కంటే 5.8 తక్కువ. అంటే మన పోత, క్యూరింగ్, కంప్రెషన్ మెషిన్ కలిసి, ఉన్న తేడాను చూపించగలుగుతున్నాయి. ఈ ఒక్క వాక్యం రిపోర్టులో ఉంటే, "మీ మెషిన్ సరిగా లేదేమో" అన్న ప్రశ్నకు జవాబు ముందే ఇచ్చినట్టు. ఇంకా నెల రోజుల టైమ్ ఉంటే ఇప్పుడైనా ఆ మూడు క్యూబ్స్ పోయండి. అప్పుడు అదే రోజు మామూలు బ్యాచ్ కూడా ఒకటి పోయాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

తర్వాత నీటి సంగతి. ఇలాంటి ప్రాజెక్టుల్లో అసలు దొంగ ఇదే. గ్రానైట్ పొడి చాలా సన్నగా ఉంటుంది, నీటిని పట్టేసుకుంటుంది, కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే స్లంప్ పడిపోతుంది. కాంక్రీటు గట్టిగా ఉందని ల్యాబ్‌లో ఎవరో ఒక మగ్గు నీళ్ళు పోస్తారు. పొడి వల్ల కొంత బలం పెరిగి ఉంటే, ఆ మగ్గు నీళ్ళు దాన్ని తినేయొచ్చు. చివరికి తేడా సున్నా అని వస్తుంది. అప్పుడు మీరు కొలిచింది పొడి ప్రభావం ఒక్కటే కాదు, పొడి ప్రభావం, అదనపు నీటి ప్రభావం కలిసిన మొత్తం. అలా జరిగి ఉంటే ఎంత నీరు, ఏ బ్యాచ్‌లో పోశారో రాయాలి. కొలవలేదంటే "కొలవలేదు" అనే రాయాలి. మన ఉదాహరణలో నీరు మార్చలేదు. స్లంప్ 75 మిల్లీమీటర్ల నుంచి 50కి పడింది, అలాగే వదిలేశారు. ఈ అంకెలతో పని పడుతుంది, గుర్తుంచుకోండి.

మిగిలినవి త్వరగా చూసుకోవచ్చు. లోడ్ పెంచే వేగం అన్ని క్యూబ్స్‌కూ ఒకటేనా? నిమిషానికి 14 మెగాపాస్కల్స్ అంటే ఈ క్యూబ్‌కు సెకనుకు సుమారు 5.2 కిలోన్యూటన్లు. పోత వైపున్న గరుకు ముఖాన్ని ప్లేటు కింద పెట్టకుండా పక్కకు తిప్పారా? ప్రతి రోజూ మామూలు మిక్స్ పొద్దున, పొడి మిక్స్ మధ్యాహ్నం పోశారా, లేక వరస మార్చుతూ వచ్చారా? ఎప్పుడూ ఒకే వరసలో పోసి ఉంటే మధ్యాహ్నపు ఎండ కూడా మీ తేడాలో కలిసిపోయింది.

పీ విలువతో ఆగిపోవద్దు, విరామం రాయండి

ప్రతి రోజూ రెండు మిక్స్‌లూ పక్కపక్కనే పోశారు కాబట్టి జంటల పరీక్ష చేయాలి. అంటే రెండు నిలువు వరుసలను విడివిడిగా కాక, చివరి నిలువు వరుసలోని ఆరు తేడాలను తీసుకోవాలి. ఆర్‌లో ఇది మూడు లైన్లు:

```
control <- c(32.4, 34.0, 31.2, 33.6, 30.8, 32.9)
granite <- c(33.1, 32.8, 31.9, 33.9, 30.2, 33.8)
t.test(granite, control, paired = TRUE)
```

చేత్తో అయినా కష్టమేం కాదు. ఆరు తేడాల సగటు 0.13, ప్రామాణిక విచలనం 0.845. దాన్ని ఆరు వర్గమూలంతో, అంటే 2.449తో భాగిస్తే 0.345. దీన్ని ఐదు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు ఉన్న టీ విలువ 2.571తో గుణిస్తే 0.89. ఎక్సెల్‌లో తేడాలు D2 నుంచి D7 దాకా ఉంటే ఈ 0.89 నేరుగా ఇలా వస్తుంది:

```
=CONFIDENCE.T(0.05, STDEV.S(D2:D7), 6)
```

సగటు నుంచి అటూ ఇటూ 0.89 జరిపితే 95 శాతం విశ్వసనీయ విరామం −0.75 నుంచి +1.02 దాకా. పీ విలువ 0.72.

రిపోర్టుల్లో సాధారణంగా ఈ 0.72 ఒక్కటే కనబడుతుంది, దాని పక్కన "ప్రభావం లేదు" అన్న వాక్యం. పీ విలువ ఆ మాట చెప్పదు. నిజంగా తేడా లేకపోయినా, ఇంత తేడా గానీ ఇంతకంటే ఎక్కువ గానీ యాదృచ్ఛికంగా రావడానికి ఎంత ఆస్కారముందో మాత్రమే చెబుతుంది. తేడా లేదనడానికి అది రుజువు కాదు. అసలు పని చేసేది విరామం. ఎంత లాభం, ఎంత నష్టం ఈ డేటాతో పొసుగుతాయో, ఎంతకు మించి పొసగవో అదే చెబుతుంది.

అది ఎందుకో చూడాలంటే, మొదటి మూడు రోజులతోనే ప్రాజెక్టు ఆపేశారనుకోండి. తేడాలు +0.7, −1.2, +0.7. సగటు 0.07, అంటే ఇంకా సున్నాకు దగ్గర. పైపైన చూస్తే ఆరు రోజుల ఫలితంలాగే ఉంది. విరామం మాత్రం −2.66 నుంచి +2.79 దాకా సాగిపోతుంది. ఆ డేటాతో "బలం తగ్గలేదు" అనలేం, రెండున్నర మెగాపాస్కల్స్ తగ్గి ఉన్నా ఈ అంకెలే వచ్చి ఉండొచ్చు. రెండూ నల్ రిజల్ట్సే. ఒకటి ఏదో చెబుతోంది, ఇంకొకటి దాదాపు ఏమీ చెప్పడం లేదు. ఆ తేడా విరామంలోనే తెలుస్తుంది.

ఇంకో మాట. ఆరు రోజుల డేటానే జంటలుగా కాక విడివిడి గుంపులుగా పోలిస్తే విరామం −1.59 నుంచి +1.85 దాకా వెడల్పవుతుంది. రోజుకీ రోజుకీ ఉన్న హెచ్చుతగ్గులు మొత్తం అందులోకి వచ్చేస్తాయి. నల్ రిజల్ట్ వచ్చిందని కంగారుపడే ముందు, ఇలా మన లెక్కే దాన్ని మసక చేయలేదు కదా అని ఒకసారి చూసుకోవాలి. అయితే ప్రయోగం జంటలుగా చేసినప్పుడే జంటల పరీక్ష. ఫలితం చూశాక, అనుకూలంగా ఉన్న పరీక్షను ఏరుకోవడం వేరే సంగతి.

ఎంత తేడా ఉంటే తేడా అంటారు?

విరామాన్ని దేనితో పోల్చాలో ముందే తేల్చుకోవాలి. ఉత్తమం ఏంటంటే జీరోత్ రివ్యూ నాటికే సినాప్సిస్‌లో రాసి పెట్టడం. రాయకపోతే, ఇప్పుడు నిర్ణయించామని చెప్పి నిర్ణయించండి. ఆ హద్దు మీ అంకెల్లోంచి కాకుండా పని అవసరంలోంచి రావాలి.

మన ప్రాజెక్టుకు రెండు హద్దులు కావాలి. ఒకటి లాభం హద్దు: కనీసం 10 శాతం పెరుగుతుందని సినాప్సిస్‌లో ఆశించారు, అంటే సుమారు 3.2 మెగాపాస్కల్స్. రెండోది నష్టం హద్దు: ఇసుక ఆదా అవుతుందంటే ఎంత బలం పోయినా పర్వాలేదు? ఎం25 డిజైన్‌లో ప్రామాణిక విచలనం 4 అని పట్టుకున్నాం. అందులో సగం, 2 మెగాపాస్కల్స్, దాటితే ఒప్పుకోం అని గైడ్‌తో కూర్చుని నిర్ణయించారనుకుందాం. ఈ 2 మీద ఎవరైనా వాదించవచ్చు. వాదించడానికి వీలుగా కారణంతో సహా రాయడమే కావలసింది.

ఇప్పుడు విరామం పక్కన పెట్టండి. పై కొస +1.02. లాభం హద్దు 3.2. అంటే 10 శాతం పెరుగుతుందన్న ఆశకు ఈ మిక్స్‌లో చోటు లేదు. కింది కొస −0.75. నష్టం హద్దు −2. అంటే ఒప్పుకోలేనంత నష్టమూ లేదు. మన నల్ రిజల్ట్ చెబుతున్నది ఇది: ఈ పొడి బలం పెంచే మందు కాదు, కానీ 15 శాతం ఇసుక మిగులుతుంది, 28 రోజుల బలం చెప్పుకోదగ్గంతగా పోదు. పొడిని ఎక్కడ పారబోయాలో తెలియని వాళ్ళకు, ఇసుక కొనలేక అవస్థపడే వాళ్ళకు "బలం 0.4 శాతం పెరిగింది" కన్నా ఇది పనికొచ్చే మాట.

మూడు రోజుల డేటాను ఇలాగే పక్కన పెట్టి చూడండి. కింది కొస −2.66, నష్టం హద్దును దాటేసింది. అప్పుడు రాయాల్సింది "నష్టం లేదు" అని కాదు, "నష్టం లేదని చెప్పడానికి మూడు రోజుల పోత చాలలేదు" అని. అలా రాసినా ఉపయోగం ఉంది. రోజువారీ తేడాల విచలనం 1.1 దగ్గర ఉంటుందని మీ డేటా చెప్పింది. వచ్చే ఏడాది ఈ పని ఎత్తుకునే బ్యాచ్ ఎన్ని రోజులు పోయాలో ఆ అంకెతో లెక్క వేసుకోగలదు.

ఒక క్యూబ్, ఒక రోజు

డేటా ఏరితే ఏమవుతుందో దగ్గర్నుంచి చూద్దాం. రెండో రోజు పొడి మిక్స్ క్యూబ్స్ 33.9, 34.3, 30.2. మూడోది తక్కువగా ఉంది. అచ్చు విప్పినప్పుడు దాని ఒక అంచున చిన్న తేనెపట్టు, అంటే కాంక్రీటు సరిగా నిండక మిగిలిన ఖాళీలు, కనబడిందని నోటుబుక్కులో ఉంది. తీసేద్దామనిపిస్తుంది, కారణం కూడా చేతిలో ఉంది. తీసేస్తే ఆ రోజు సగటు 34.1 అవుతుంది, తేడా −1.2 నుంచి +0.1కి మారుతుంది. మొత్తం సగటు తేడా 0.35, విరామం −0.23 నుంచి +0.93. ఇంకా నల్ రిజల్టే.

ఇప్పుడు ఐదో రోజు మీద కన్ను పడుతుంది. ఆ రోజు రెండు మిక్స్‌లూ తక్కువే వచ్చాయి, ఇసుక తడిగా ఉందేమో. ఆ రోజును కూడా తీసేస్తే ఐదు తేడాలు మిగులుతాయి: 0.7, 0.1, 0.7, 0.3, 0.9. సగటు 0.54, పీ విలువ 0.02. "గణాంకపరంగా గణనీయమైన పెరుగుదల" సిద్ధం! ఒక క్యూబ్, ఒక రోజు తీసేస్తే చాలు. రెండిటికీ చెప్పడానికి కారణాలున్నాయి, ఒక్క అంకె కూడా దిద్దలేదు. ఇందులో మోసం చేశామన్న భావన ఎవరికీ కలగదు, ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది.

దీనికి విరుగుడు, తీసేయడానికి నియమం ముందే ఉండాలి, అన్ని క్యూబ్స్‌కూ ఒకేలా వర్తించాలి. ఐఎస్ 456 చెప్పేది మూడు స్పెసిమెన్లలో ఏదీ సగటు నుంచి 15 శాతానికి మించి తేడా ఉండకూడదని. 30.2 తన సగటు 32.8 కంటే 8 శాతమే తక్కువ, కాబట్టి ఉండాల్సిందే. తేనెపట్టు వంక చెప్పాలంటే మామూలు మిక్స్ క్యూబ్స్ 18కీ అంచులు అంతే శ్రద్ధగా చూసి రాశారా? బలం ఎక్కువ వచ్చిన క్యూబ్‌కు తేనెపట్టు ఉంటే తీసేసేవాళ్ళా? ఇసుక తడి సంగతి కూడా అంతే. అది రెండు మిక్స్‌లకూ ఒకేలా తగిలింది, జంటల లెక్క పెట్టుకున్నదే దానికోసం.

అనుమానం ఉన్న క్యూబ్‌ను దాచనక్కర్లేదు. అన్ని క్యూబ్స్‌తో వచ్చిన ఫలితాన్ని ప్రధాన ఫలితంగా రాసి, "తేనెపట్టు ఉన్న ఒక క్యూబ్ తీసేసినా విరామం −0.23 నుంచి +0.93, నిర్ణయం మారలేదు" అని కింద ఒక వాక్యం చేర్చండి.

ఏరడానికి ఇంకో దారి కూడా ఉంది, ఇది బాగా గౌరవంగా కనబడుతుంది. 5, 10, 15, 20, 25 శాతాలు. 7, 28, 56 రోజులు. పీడన, స్ప్లిట్ టెన్సైల్, ఫ్లెక్చరల్ పరీక్షలు. మొత్తం 45 పోలికలు. పొడికి అసలు ప్రభావమే లేకపోయినా, 5 శాతం హద్దుతో వీటిలో ఒకటో రెండో "గణనీయంగా" వచ్చేస్తాయి. ఆ ఒక్కదాన్ని పట్టుకుని "ఆప్టిమమ్ మోతాదు ఇంత" అని తేల్చే రిపోర్టులు లైబ్రరీ బీరువాల్లో కొల్లలు. అన్నీ చేసి ఉంటే అన్నీ పట్టికలో పెట్టండి, ఎన్ని పోలికలు చేశారో రాయండి, ముందే ప్రధానం అనుకున్న పోలిక ఏదో చెప్పండి.

ఏ అధ్యాయంలో ఏం రాయాలి

శీర్షికలో ఫలితం మోయకండి. "గ్రానైట్ పొడితో కాంక్రీటు బలం పెంపు" అని సినాప్సిస్‌లో ఉంటే, మీ యూనివర్సిటీ నియమాలు ఒప్పుకుంటే "గ్రానైట్ పొడి ప్రభావం" అని మార్పించండి. మార్చడం కుదరకపోతే అలాగే ఉంచి, అబ్‌స్ట్రాక్ట్‌లో విషయం స్పష్టంగా చెప్పండి. లక్ష్యాల అధ్యాయాన్ని మాత్రం ముట్టుకోవద్దు. బలం పెరుగుతుందని అనుకున్నాం అన్న వాక్యం అక్కడ అలాగే ఉండాలి. ఫలితం వచ్చాక లక్ష్యాన్ని "ఇసుక ఆదా" అని తిరగరాయడం, బాణం దిగిన చోట గురి గీయడమే.

అబ్‌స్ట్రాక్ట్‌లో అంకెలు ఉండాలి. రిపోర్టు ఇంగ్లీషులోనే రాస్తారు కాబట్టి భావం ఇలా రావాలి: "ఎం25 కాంక్రీటులో 15 శాతం ఇసుకకు బదులు గ్రానైట్ పొడి వేసినప్పుడు 28 రోజుల పీడన బలంలో సగటు తేడా +0.13 మెగాపాస్కల్స్, 95 శాతం విరామం −0.75 నుంచి +1.02, ఆరు జంట బ్యాచ్‌లు. ఆశించిన 10 శాతం పెరుగుదల రాలేదు. 2 మెగాపాస్కల్స్‌కు మించిన నష్టం లేదని డేటా చూపుతోంది. స్లంప్ 75 నుంచి 50 మిల్లీమీటర్లకు తగ్గింది."

ఫలితాల అధ్యాయంలో 36 క్యూబ్స్‌కూ విడివిడిగా లోడ్లు అనుబంధంలో ఇచ్చి, పైన ఇచ్చిన ఆరు వరుసల పట్టిక లోపల పెట్టండి. గ్రాఫ్ నిలువు అక్షం 32 నుంచి మొదలుపెట్టి 33 దగ్గర ఆపితే 0.13 కూడా కొండలా కనబడుతుంది. బార్ గ్రాఫ్ అయితే సున్నా నుంచి మొదలుపెట్టండి. ఇంకా మంచిది, ఆరు తేడాలను చుక్కలుగా వేసి, సగటు, విరామం గీసి, −2 దగ్గర, +3.2 దగ్గర గీతలు గీయండి. చూడగానే మొత్తం కథ ఆ ఒక్క బొమ్మలో తెలిసిపోతుంది.

చర్చలో "ఎందుకు పెరగలేదు" అన్నదానికి మీరు పరీక్షించింది, ఊహించింది వేరు చేయాలి. నీరు, సిమెంటు నిష్పత్తి మార్చలేదు, సిమెంటు తగ్గించలేదు, కాబట్టి బలాన్ని ముఖ్యంగా నిర్ణయించే పేస్టు అలాగే ఉంది: ఇది మీ మిక్స్ వివరాల్లోంచి వచ్చిన మాట. గ్రానైట్ పొడిలో ప్రధానంగా ఉండేవి స్ఫటిక రూపంలోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. ఫ్లైయాష్‌లా సున్నంతో చర్య జరిపి బంధించే గుణం వాటికి పెద్దగా లేదు: ఇది పదార్థం గురించి తెలిసిన విషయం. సన్నని రేణువులు ఖాళీలు నింపి తెచ్చిన లాభాన్ని, స్లంప్ తగ్గి సరిగా కుదురుకోకపోవడం వల్ల వచ్చిన నష్టం కొట్టేసి ఉండొచ్చు: ఇది ఊహ. 75 నుంచి 50కి పడిన స్లంప్ దానికి ఊతమిస్తుంది గానీ రుజువు చేయదు. సూపర్‌ప్లాస్టిసైజర్‌తో స్లంప్‌ను 75కి తెచ్చి మళ్ళీ పోస్తే తేలుతుందని రాయండి. భవిష్యత్ పని అన్న శీర్షిక కింద రాయడానికి ఇంతకంటే పదునైన వాక్యం దొరకదు.

హద్దులు కూడా ఇక్కడే రాయాలి. ఒకే యూనిట్ పొడి, ఒకే సిమెంటు, ఒకే మోతాదు, ట్యాంకులో క్యూరింగ్, 28 రోజులు. మన్నిక, కుంచించుకుపోవడం, పగుళ్ళు చూడలేదు. కాబట్టి "గ్రానైట్ పొడి సురక్షితం" అనడానికి వీల్లేదు.

కొన్ని మాటలు పెన్ను చివరికి తెలియకుండానే వచ్చేస్తాయి. "పెరిగే ధోరణి కనబడింది", "గణనీయం కాకపోయినా మెరుగుదల ఉంది", "ఇంకొన్ని క్యూబ్స్ పోసి ఉంటే వచ్చేది". విరామం సున్నాకు రెండు వైపులా ఉన్నప్పుడు ధోరణి అన్న మాటకు అర్థం లేదు. అదే డేటాతో ఎదుటివాడు "తగ్గే ధోరణి" అన్నా కాదనలేరు.

వైవాలో

ఎక్స్‌టర్నల్ మొదట అడిగేది దాదాపు ఇదే: "అయితే మీ ప్రాజెక్టులో ఏమీ రాలేదన్నమాట?" దీనికి సంజాయిషీ ఇవ్వకండి, విరామం చెప్పండి. "సార్, 10 శాతం పెరుగుతుందనుకున్నాం, పెరగలేదు. ఒక మెగాపాస్కల్‌కు మించిన లాభం గానీ, ముప్పావు మెగాపాస్కల్‌కు మించిన నష్టం గానీ మా డేటాతో పొసగవు. ఇసుక 15 శాతం తగ్గించినా 28 రోజుల బలం నిలిచింది."

రెండో ప్రశ్న సాధారణంగా మెషిన్ మీదికి వెళ్తుంది. అప్పుడు 0.60 నిష్పత్తి బ్యాచ్ చూపించండి. మూడోది, "ఫలానా పేపర్లో పెరిగిందని ఉంది కదమ్మా". ఆ పేపర్ తప్పని అనొద్దు. వాళ్ళు సిమెంటుకు బదులు వేశారా ఇసుకకు బదులు వేశారా, స్లంప్‌ను సమానం చేశారా, ఎన్ని బ్యాచ్‌లు పోశారు, ఈ మూడూ ముందే చూసి ఒక చిన్న పట్టికగా పెట్టుకుని వెళ్ళండి. చాలాసార్లు తేడా ఆ మూడింట్లోనే దొరుకుతుంది. దొరక్కపోతే, "కారణం మా డేటాతో తేలలేదు సార్" అనండి.

గైడ్‌కు ఈ సంగతంతా వైవా ముందు రోజు తెలియకూడదు. 28 రోజుల చివరి క్యూబ్ పగిలిన వారంలోనే ఆరు వరుసల పట్టిక, విరామం, రెండు హద్దులు ఒక పేజీలో పెట్టి చూపించండి. "ఇంకొంచెం పెరిగినట్టు చూపించండమ్మా" అన్న మాట వస్తే, గడువు ఇంకా నెల రోజులకు పైగా ఉంటే రెండు మూడు బ్యాచ్‌లు పోయడానికి టైమ్ ఉంటుంది. పోస్తే ఆ అదనపు రోజులను ఫలితం చూశాక పోశామని రాసి, అన్నిటినీ కలిపిన విరామంతోపాటు మొదటి ఆరు రోజుల విరామాన్ని కూడా విడిగా ఇవ్వండి.